లీటర్ల కొద్దీ నీళ్లు తాగినా తగ్గని ఎండ తలనొప్పి: ఓఆర్‌ఎస్ ఎంత కలపాలి?

మా ఆయన తాడిపత్రి దగ్గర నాపరాయి పాలిష్ యూనిట్లో పని చేస్తారు. ఎండలు ముదిరాక సాయంత్రం నాలుగు దాటితే తలంతా బరువెక్కి నొప్పి మొదలవుతోంది. రాయి ఎత్తడానికి వంగితే ఇంకా ఎక్కువ. ఆ టైంకి మూత్రం ముదురు పసుపు, చొక్కా వీపు మీద ఉప్పు చారలు.

ఇంటికి రాగానే లీటరున్నర నీళ్లు గటగటా తాగుతారు. గంటలో మూత్రం తెల్లగా వచ్చేస్తుంది గానీ నొప్పి పోదు, పైగా కడుపులో తిప్పుతుంది. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాకుండా ఒక్కసారిగా తాగిన నీళ్లు ఒంట్లో నిలవవు కాబట్టే ఇలా అనుకుంటున్నాను. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా తాగించిన రోజు రెండు గంటల్లో తేలికపడింది. పారాసెటమాల్‌తో మాత్రం రాత్రికి మళ్లీ మొదలు. బీపీ, షుగర్ చూపించాం, నార్మలే. జ్వరం, వాంతులు, తికమక లేవు. అవి ఉంటే ఆసుపత్రికే తీసుకెళ్లేదాన్ని.

ఇప్పుడు పనిలోనే ఇరవై నిమిషాలకో గ్లాసు, అంటే గంటకు ముప్పావు లీటరు తాగుతున్నారు. మధ్యాహ్నం సంగటి, ఉప్పేసిన మజ్జిగ కూడా ఉంటాయి. నొప్పి తీవ్రత తగ్గింది గానీ రావడం ఆగలేదు. రోజంతా ఓఆర్‌ఎస్సే తాగిస్తే ఉప్పు ఎక్కువవుతుందేమోనని భయం.

ఇలాంటి ఎండ పని చేసేవాళ్లు, డాక్టర్లు ఎవరైనా చెప్పండి: ఎనిమిది గంటల పనిలో తాగే నీళ్లలో ఎన్ని లీటర్లు ఓఆర్‌ఎస్‌గా ఇవ్వాలి?