అప్‌డేట్: అల్ట్రాసౌండ్‌లో కనబడని అపెండిక్స్

నా ప్రశ్న: "తమ్ముడికి కుడివైపు పొత్తికడుపులో నొప్పి. రిపోర్టులో 'అపెండిక్స్ కనిపించలేదు' అని రాశారు. అంటే వాపు లేనట్టేనా?"

లేనట్టు కాదండి. బెంగళూరు మారతహళ్లిలో సర్జన్ గారు ఇలా చెప్పారు: మామూలు అపెండిక్స్ ప్రోబ్‌తో నొక్కితే అణుగుతుంది; వాచినది అణగదు, సాధారణంగా 6 మిల్లీమీటర్లు దాటుతుంది. కానీ ముందు దాన్ని చూడగలగాలి కదా! అల్ట్రాసౌండ్ తరంగాలు గ్యాస్‌ను దాటి పోలేవు. వీడికి అది పెద్దపేగు మొదలు వెనక దాగింది, ముందంతా గ్యాసే.

అదే రిపోర్టులో కింద "చుట్టూ కొవ్వు తెల్లబడింది, కొద్దిగా నీరు" అని ఉంది. వాపుకి అసలు సూచన ఆ వాక్యమే, దయచేసి అక్కడిదాకా చదవండి. పైగా రక్తంలో తెల్లకణాలు 14,000, అంటే మామూలుకంటే ఎక్కువ. కాంట్రాస్ట్ సీటీలో 10 మిల్లీమీటర్ల అపెండిక్స్, దాని మొదలు దగ్గర చిన్న రాయి కనిపించాయి. ఆపరేషన్ అయింది, కోలుకుంటున్నాడు.

సీటీ అవసరం అందరికీ ఉండదు. నొప్పి తగ్గుతుంటే కొన్ని గంటలు గమనించి మళ్లీ పరీక్షిస్తారట.