పరీక్ష ఏళ్ల తరబడి వాయిదా పడితే వయసు సడలింపు అడగవచ్చా? లేఖ ఎవరికి, ఏమని రాయాలి?

వేచివున్న అభ్యర్థి:
2021లో మా రాష్ట్ర నియామక మండలి కార్యాలయ ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చింది. గరిష్ఠ వయసు 42 ఏళ్లు, లెక్క 1-7-2021 నాటికి. అప్పటికి నాకు నలభై ఏళ్ల తొమ్మిది నెలలు. రుసుము కట్టాను. పరీక్ష మూడుసార్లు వాయిదా పడి, చివరకు ప్రకటనే రద్దయింది. 2025లో కొత్త ప్రకటన వచ్చింది. గరిష్ఠ వయసు అదే 42, లెక్క మాత్రం 1-7-2025 నాటికి. నాకు ఏ రిజర్వేషన్ సడలింపూ వర్తించదు. మండలి ఛైర్మన్‌కు లేఖ రాసి రెండేళ్ల సడలింపు కోరదామనుకుంటున్నాను. ఇలా అడగడం న్యాయమేనా? లేఖ ఎలా ఉండాలి?

పాత ఫైలు:
సచివాలయంలో సర్వీసు నిబంధనల సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి విరమించినవాణ్ని. ఇలాంటి లేఖలు వందలకొద్దీ నా బల్ల మీదుగా వెళ్లాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే కారణంతో అక్కడే ఆగిపోయేవి. అధికారం లేనివారిని అడిగిన లేఖలవి.

వయసు పరిమితిని మార్చే అధికారం నియామక మండలికి లేదు. మండలి ప్రభుత్వం ఇచ్చిన నిబంధనల ప్రకారం పరీక్ష పెడుతుంది, అంతే. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలే ఆధారం. వాటిలో 31వ నిబంధన ఒక వ్యక్తి విషయంలో గాని, ఒక తరగతికి చెందిన వ్యక్తుల విషయంలో గాని న్యాయమని తోచిన రీతిలో సడలింపు ఇచ్చే అధికారాన్ని గవర్నరుకు, అంటే ఆచరణలో ప్రభుత్వానికి ఇచ్చింది. కాబట్టి లేఖ సాధారణ పరిపాలన శాఖ ముఖ్య కార్యదర్శికి వెళ్లాలి, మండలి కార్యదర్శికి ప్రతి పంపాలి. ఛైర్మన్‌కు మాత్రమే రాస్తే, ‘ప్రభుత్వ ఉత్తర్వు వస్తే అమలు చేస్తాం’ అనే ఒక్క వాక్యం జవాబుగా వస్తుంది. అది కూడా వస్తేనే.

ఇక మీరు అడగబోయే రెండేళ్ల సంగతి. ఒకసారి లెక్క వేసి చూడండి. 1-7-2025 నాటికి మీకు నలభై నాలుగేళ్ల తొమ్మిది నెలలు. రెండేళ్లు పెంచి పరిమితిని 44 చేసినా మీరు బయటే ఉంటారు. మీ లేఖ ఫలించినా దాని ఫలం మీకు దక్కదు.

కొత్త బ్యాచ్:
నా వయసు 27. పెద్దలు కోపగించుకోకండి. వాయిదా వల్ల నష్టపోయింది నలభై దాటినవారు మాత్రమే కాదు. నేను కూడా నాలుగేళ్లు గది అద్దె కట్టుకుంటూ ఎదురుచూశాను. పరిమితిని అందరికీ పెంచితే, 2021లో దరఖాస్తు ఊసే ఎత్తని వేలమంది కూడా లోపలికి వస్తారు. పైగా తెలంగాణలో విరమణ వయసు 61 అని గుర్తుంచుకోండి. 46 ఏళ్లకు చేరినవారికి మిగిలేది పదిహేనేళ్ల సర్వీసు. శిక్షణకు, అనుభవానికి పెట్టే ఖర్చుకు అది సరిపోతుందా?

పాత ఫైలు:
తమ్ముడూ, మీ ప్రశ్నలోనే ఈయన లేఖకు సరైన దారి ఉంది. పరిమితిని పెంచమనడం వేరు, పాత తేదీని నిలపమనడం వేరు. రెండింటికీ ఉదాహరణలున్నాయి.

తెలంగాణలో 2022 మార్చిలో యూనిఫాం లేని ఉద్యోగాలకు గరిష్ఠ వయసును 34 నుంచి 44కు పెంచారు. ఆ ఏడాది గ్రూప్-1 ప్రకటన వచ్చింది. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్, 2023 జూన్‌లో మళ్లీ జరిగిన ప్రిలిమ్స్ రెండూ రద్దయ్యాయి. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రకటనకు ముందు పరిమితిని 46 చేశారు. 1-7-2022 నాటికి 44, 1-7-2024 నాటికి 46. రెండు లెక్కలూ 1978 జూలై ఆరంభానికే చేరతాయి. అంటే రద్దయిన ప్రకటనకు వయసు చాలినవారిలో ఒక్కరూ ఆ రెండేళ్ల కారణంగా జారిపోలేదు. ఆలస్యం రెండేళ్లు కాబట్టి సడలింపు రెండేళ్లు. ఈయనకు జరిగిన ఆలస్యం నాలుగేళ్లు. అదే కొలతతో అడిగితే రెండేళ్లు కాదు, నాలుగేళ్లు అడగాలి, లేదా వయసును 1-7-2021 నాటికే లెక్కించమని అడగాలి.

నా అభిప్రాయంలో రెండోది గట్టిది. పాత ప్రకటన కింద రుసుము కట్టినవారికి మాత్రమే, పాత తేదీ ప్రకారం, ఈ ఒక్క నియామకానికి అని గీత గీస్తే, ఆ తరగతిలో ఎందరున్నారో మండలి దగ్గర జాబితా ఉంటుంది. ఎంతమంది పెరుగుతారో ముందే తెలిసినప్పుడు ఫైలు మీద ‘అంగీకరించవచ్చు’ అని రాయడానికి కింది అధికారి జంకడు.

వాద ప్రతివాది:
ఇంత తంటా ఎందుకు? హైకోర్టుకు వెళ్తే ఖాయంగా వస్తుంది. 2022 మార్చిలో ఢిల్లీ న్యాయాధికారుల పరీక్ష విషయంలో సుప్రీంకోర్టు ఇదే చేసింది. 2020, 2021లో పరీక్ష జరగలేదు కాబట్టి, ఆ రెండేళ్లలో అర్హులయ్యేవారందరినీ ఒకసారికి అనుమతించింది. పరీక్ష పెట్టకపోవడం ప్రభుత్వం తప్పు. అభ్యర్థి ఎందుకు నష్టపోవాలి?

పాత ఫైలు:
తీర్పు నిజమే, ‘ఖాయంగా’ అన్న మాటే నిజం కాదు. ఆ పరీక్షలకు ఏటేటా కాలపట్టికను పాటించాలని సుప్రీంకోర్టే అంతకుముందు నిర్దేశించింది, పైగా సడలింపు ఇవ్వడానికి ఢిల్లీ హైకోర్టు తానుగా ముందుకొచ్చింది. రెండు పక్షాలూ ఒప్పుకున్న చోట వచ్చిన ఉపశమనాన్ని, ప్రభుత్వం ససేమిరా అన్న చోట చూపిస్తే అంత బరువు తూగదు. 2021 ఫిబ్రవరిలో సివిల్స్ అభ్యర్థులు కోవిడ్ వల్ల చివరి అవకాశం చేజారిందని మరో అవకాశం అడిగితే, అది విధాన నిర్ణయమంటూ అదే సుప్రీంకోర్టు కాదన్నది. 1997లో రాజస్థాన్ కేసులోనూ, వయసు లెక్కకు ఏదో ఒక తేదీ పెట్టక తప్పదని, దాని వల్ల కొందరు బయట ఉండిపోయినంత మాత్రాన ఆ తేదీ చెల్లకుండా పోదని చెప్పింది.

కోర్టుకు వెళ్లవద్దని నేననడం లేదు. ముందు లేఖ ఇవ్వకుండా వెళ్తే, ‘ప్రభుత్వాన్ని అడిగారా’ అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. అడిగాక వెళ్తే, ఆ లేఖపై ఫలానా గడువులోగా నిర్ణయం తీసుకోమనే ఆదేశమైనా రావచ్చు. నిర్ణయం అనుకూలంగానే ఉండాలని మాత్రం కోర్టు సాధారణంగా చెప్పదు.

మెదక్ అమ్మ:
మా అబ్బాయి కూడా ఇదే బాధలో ఉన్నాడండీ. పోలీసు కానిస్టేబుల్‌కు అప్లై చేసి రెండేళ్లయింది, పరీక్ష ఇంకా పెట్టలేదు. పరీక్ష నాటికి వాడికి వయసు దాటిపోతుంది. మేము కూడా ఈ లేఖ పెట్టుకోవాలా?

పాత ఫైలు:
అమ్మా, మీ అబ్బాయి దరఖాస్తు చేసిన ప్రకటన రద్దు కాకుండా నిలిచి ఉంటే మీరు లేఖ రాయనక్కర్లేదు. వయసును ఆ ప్రకటనలో రాసిన తేదీ నాటికే చూస్తారు, పరీక్ష రోజున కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో ఇచ్చిన కానిస్టేబుల్ ప్రకటనకు తుది రాతపరీక్ష 2025 జూన్‌లో జరిగింది. ఆ మధ్య పెరిగిన వయసును ఎవరి మీదా లెక్కగట్టలేదు. పాతది రద్దుచేసి, కొత్త తేదీతో కొత్త ప్రకటన ఇస్తేనే చిక్కు. ప్రకటన ప్రతిని, దరఖాస్తు నంబరును భద్రపరచమనండి, చాలు.

రెండు బిడ్డల తల్లి:
పాత దరఖాస్తుదారులకు మాత్రమే అన్న గీత నాకు నచ్చలేదు. 2021లో నా చిన్నబిడ్డకు మూడు నెలలు. తర్వాతి ప్రకటనకు రాద్దామని ఆగాను. ఆ తర్వాతి ప్రకటన నాలుగేళ్లకు గాని రాలేదు. పరీక్షలు సకాలంలో జరిగి ఉంటే ఈపాటికి కనీసం ఒకసారైనా రాసి ఉండేదాన్ని. రుసుము రసీదు లేనంత మాత్రాన నా నష్టం నష్టం కాకుండా పోతుందా? ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన మెగా డీఎస్సీకి వయసును 1-7-2024 నాటికి లెక్కించారు. పాత రసీదు ఎవరినీ అడగలేదు. తేదీని వెనక్కు జరిపితే అందరికీ జరపాలి.

కొత్త బ్యాచ్:
అక్కా, మీ మాటలో నొప్పి ఉంది, కాదనను. కానీ డీఎస్సీలో తేదీ జరిగింది ఒక ఏడాది. ఇక్కడ నాలుగేళ్లు. రాద్దామనుకున్నవారిని, రాసినవారిని ఒకే గాటన కడితే గీత ఎక్కడ ఆగుతుంది? రాద్దామనుకున్నాను అని రుజువు చేసే కాగితం ఏముంటుంది?

పాత ఫైలు:
ఇక్కడ నేను తీర్పు చెప్పలేను. ఫైలు పరంగా రసీదు గీత సులభం, న్యాయం పరంగా ఆమె అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. రైల్వేవారు 2024 జనవరిలో అసిస్టెంటు లోకో పైలట్ ప్రకటనకు కోవిడ్ కారణంగా గరిష్ఠ వయసును 30 నుంచి 33కు పెంచినప్పుడు ఎవరి రసీదూ చూడలేదు, అందరికీ ఇచ్చారు. అక్కడ నడిచింది ఇక్కడ నడవకూడదని ఏమీ లేదు. నడిపించడానికి మాత్రం ఒక్కరి లేఖ చాలదు.

వేచివున్న అభ్యర్థి:
అందరికీ కృతజ్ఞతలు. తిరగరాసిన భాగం ఇది:

‘2021 ప్రకటన కింద నేను గడువులోగా దరఖాస్తు చేసి రుసుము చెల్లించాను. 1-7-2021 నాటికి నా వయసు నలభై సంవత్సరాల తొమ్మిది నెలలు, గరిష్ఠ పరిమితి 42. మూడు వాయిదాల అనంతరం ఆ ప్రకటన రద్దయింది, అందులో నా తప్పిదం ఏదీ లేదు. అదే ఉద్యోగాలకు వెలువడిన ప్రస్తుత ప్రకటనలో వయసును 1-7-2025 నాటికి లెక్కించడం వల్ల నేను అనర్హుణ్నవుతున్నాను. రద్దయిన ప్రకటనకు దరఖాస్తు చేసిన అభ్యర్థుల వయసును ఈ ఒక్క నియామకానికి 1-7-2021 నాటికి లెక్కించవలసిందిగా, 31వ నిబంధన కింద ఆదేశాలు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.’

దీని కింద మా నాన్నగారి అనారోగ్యం, నేను వదులుకున్న ప్రైవేటు ఉద్యోగం గురించి ఒక పేరా రాశాను. ఉంచమంటారా?

పాత ఫైలు:
తీసేయండి. మీ నష్టానికి కారణం వాయిదా, అనారోగ్యం కాదు. ఆ పేరా చదివిన అధికారి మీ లేఖను వ్యక్తిగత కనికరం కోరే లేఖల కట్టలో వేస్తాడు. పదో తరగతి మెమో, పాత దరఖాస్తు, రుసుము రసీదు, మూడు వాయిదా ప్రకటనలు, రద్దు ప్రకటన, ఇవన్నీ తేదీల వరుసలో జతచేయండి. ఇంకో ముఖ్య సంగతి, కొత్త దరఖాస్తు గడువు ముగియకముందే లేఖ చేరాలి. మీ పుట్టిన తేదీ వేస్తే ఆన్‌లైన్ దరఖాస్తు ముందుకు పోదు కదా, ఆ తెర బొమ్మను తేదీతో సహా భద్రపరచండి. గడువులోగా ప్రయత్నించారనడానికి అదే సాక్ష్యం. స్పీడ్ పోస్టులో, చేరినట్లు రుజువు వచ్చేలా పంపండి, వీలైతే తపాలా విభాగంలో స్వయంగా ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు రాయించుకోండి.

రెండు బిడ్డల తల్లి:
మీ లేఖలో ‘దరఖాస్తు చేసిన అభ్యర్థుల’ అన్నచోట ‘2021 నాటికి అర్హత గల అభ్యర్థులందరి’ అని రాయగలరా?

వేచివున్న అభ్యర్థి:
రెండు రాత్రులుగా అదే ఆలోచిస్తున్నానండీ. అలా రాస్తే నా అవకాశం తగ్గుతుందేమోనని భయం, రాయకపోతే మీకు ముఖం చూపించలేను. గడువు పదకొండు రోజులుంది. నా లేఖను ఇలాగే పంపి, మీరు కోరిన మాటతో సామూహిక వినతిపత్రం ఇంకొకటి తయారు చేస్తే, దాని మీద కూడా సంతకం చేస్తాను.

కొత్త బ్యాచ్:
మొదటిదానికి నా మద్దతు ఉంది. రెండోదానికి లేదు.