అప్‌డేట్: రెజ్యూమేకీ లింక్డ్‌ఇన్‌కీ పొంతన కుదిరింది

నా ప్రశ్న: పైడిభీమవరం ఫార్మా ప్లాంటులో కాంట్రాక్టు మీద చేశాను. రెజ్యూమేలో ‘కెమిస్ట్’, లింక్డ్‌ఇన్‌లో ‘సీనియర్ కెమిస్ట్’ అని ఉంది. చేరిన నెలలూ వేరు. ఏది ఉంచాలి?

అప్‌డేట్: రెండూ కాదు, కాగితాల్లో ఉన్నదే. ఈపీఎఫ్‌ఓ సైటులో View > Service History చూస్తే యజమాని చోట కాంట్రాక్టరు పేరుంది, చేరిన తేదీ 2021 జూన్. ఏప్రిల్, మే నెలలు ట్రైనింగు, పీఎఫ్ కట్టలేదు. వెరిఫికేషన్ వాళ్లు సాధారణంగా సరిచూసేది ఈ రికార్డునీ రిలీవింగ్ లెటర్‌నీ.

అందుకని రెండు చోట్లా ఒకటే రాశాను: ‘కెమిస్ట్, క్యూసీ, కాంట్రాక్టరు పేరు, పక్కనే ప్లాంటు పేరు, జూన్ 2021 – మార్చి 2024’. స్టైపెండ్ లెటరున్న ట్రైనింగు విడి వరుసలో. ‘సీనియర్’ అన్న మాట రిలీవింగ్ లెటర్‌లో లేదు కాబట్టి తీసేశాను. హెచ్‌పీఎల్‌సీ అనుభవం పని వివరంలోకి వెళ్లింది.

లింక్డ్‌ఇన్‌లో మార్చేముందు Notify network ఆఫ్ చేయండి. లేదంటే పాత ఉద్యోగానికి కొత్తగా అభినందనలొస్తాయి! నౌకరీ ప్రొఫైల్‌లోనూ ఇవే తేదీలు పెట్టండి.