తెలుగు పదాల ఆట: ముక్క మీద ‘క’ రాస్తే చాలా, ‘కి’ ‘కు’ కూడా రాయాలా?

బ్రాడీపేట_పిన్ని: సెలవులకి అట్టముక్కలతో పదాల ఆట చేస్తున్నాను. ముక్క మీద ‘క’ అని రాస్తే చాలా, ‘కి’, ‘కు’, ‘కే’ అన్నీ విడిగా రాయాలా? ఆడేది మా అత్తగారు, నేను, ఆరో తరగతి పిల్లలిద్దరు.

గుంటూరు_మాస్టారు: విడిగానే రాయాలి. తెలుగులో ‘కి’ మొత్తం ఒక అక్షరం. పద్యంలోనూ అలాగే లెక్కపెడతాం. 56 అక్షరాలూ ఉండాలి, ‘ౠ’తో సహా.

కంపోజింగ్_తాత: ‘కి’ ఒక అక్షరమన్నది నిజమే మాస్టారూ. కానీ 36 హల్లులకి పన్నెండేసి గుణింతాలంటేనే 432 రకాలు, ఒత్తులు కాక. చేతిలోకి ‘ఝూ, పై, ణి, కే’ వస్తే ఏం పదం కడతారు? నేను గవర్నరుపేట ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చినవాణ్ణి. మధ్యాహ్నానికల్లా ‘ల, న, ర’ గళ్లు ఖాళీ, ‘ఝ’ గడిలో దుమ్ము. అమ్మా, హల్లు ఒక్కటే రాయండి, గుణింతం ఆడేవాళ్ల ఇష్టం. 80 ముక్కలు చాలు. ల, న, ర, త, క ఆరేసి. ప, మ, వ, స, ద, గ, డ, ట నాలుగేసి. చ, జ, బ, య రెండేసి. శ, ష, హ, ళ, ణ ఒక్కొక్కటి. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ ఐదే. అచ్చు ఎక్కువగా పదం మొదట్లోనే వస్తుంది కాబట్టి ఎక్కువ పెడితే చేతిలోనే ఇరుక్కుంటాయి.

కృష్ణలంక_చిన్నోడు: ‘ఘ’ కావాలంటే?

కంపోజింగ్_తాత: ‘గ’నే ‘ఘ’ అనుకో.

బ్రాడీపేట_పిన్ని: మరి ఒత్తులు బాబాయిగారూ?

కంపోజింగ్_తాత: అదే హల్లు ఒత్తయితే వేరే ముక్క అక్కర్లేదు. ‘చెట్టు’కి చ, ట చాలు. వేరే హల్లయితే ఆ ముక్కని కిందికి ఆనించి పెట్టండి. ‘పుస్తకం’ అంటే ప, స, దాని కింద త, పక్కన క. సున్నా ఉచితం. ముక్కకి ఒక పాయింటు, అంటే నాలుగు.

గుంటూరు_మాస్టారు: ‘చెట్టు’కి రెండేనా? ఒత్తు రాయడమే కదా పిల్లలకి కష్టం!

పటమట_కోడలు: అసలు సమస్య ‘లు’. పోయిన సంక్రాంతికి నేను ‘పులి’ పెడితే, మా బావగారు పక్కన ఒక్క ‘ల’ పెట్టి ‘పులులు’ అని మూడు పాయింట్లు రాసుకున్నారు. ఆట అంతా అదే పని. ఆయనకి సొంతంగా ఒక్క పదం తట్టలేదు.

కృష్ణలంక_చిన్నోడు: మా ఇంట్లో కూడా ఒక బావగారున్నారు 😀

బ్రాడీపేట_పిన్ని: నిన్న ఆడాం, గొడవైంది. అడ్డంగా ‘కాకి’ ఉంది. మా చిన్నది చివరి ‘క’ నుంచి నిలువుగా ‘కల’ పెట్టింది. అక్కడున్నది ‘కి’ కదా, ‘కల’ ఎలా అవుతుందని అత్తగారు.

గుంటూరు_మాస్టారు: అత్తగారిదే న్యాయం.

కంపోజింగ్_తాత: ఆవిడ మాట పట్టుకుంటే ‘కి’తో మొదలయ్యే పదమే కావాలి, పది నిమిషాల్లో బల్ల బిగుసుకుపోతుంది. మార్చి చదవనివ్వండి, కానీ మారిన ముక్కకి పాయింటు ఇవ్వకండి. ‘కల’కి ఒకటే వస్తుంది. అదే ‘కిటికీ’ పెడితే మూడు.

గుంటూరు_మాస్టారు: ఒకే ముక్క ఇటు ‘కి’, అటు ‘క’! ఇలా ఆడితే పిల్లలకి గుణింతం ఎప్పుడొస్తుంది?

కంపోజింగ్_తాత: ఆవిడ ఆట అడిగారు, పలకా బలపం కాదు. ప్రతిదీ పాఠం చేస్తే పిల్లలు ఫోనే పట్టుకుంటారు.

గుంటూరు_మాస్టారు: మీకు తేలికే! మా మనవడు బెంగళూరులో చదువుతున్నాడు. నాతో గలగలా తెలుగు మాట్లాడతాడు, అరండల్‌పేటలో కొట్టు బోర్డు చదవరా అంటే నోరు తెరుస్తాడు. వాడి కోసమే నేను గుణింతాలతో సహా 300 ముక్కలు కత్తిరించాను. రెండాటలు ఆడి అటకెక్కించాడు.

కంపోజింగ్_తాత: ... అది ముందే చెప్పాల్సింది మాస్టారూ.

బ్రాడీపేట_పిన్ని: మా ఇంట్లో ఈరోజు ఇలా చేశాం. ముక్కలు పెట్టినవాళ్లు ఆ పదాన్ని నోట్‌బుక్కులో గుణింతంతో, ఒత్తుతో రాయాలి. తప్పు రాస్తే ముక్కలు వెనక్కి. పెద్దాడు ‘పుస్తకం’ని ‘పుసత్కం’ అని రాసి నాలుగూ పోగొట్టుకున్నాడు. మా అత్తగారు మూడో తరగతి దాకే చదివారు, ఒక్కటీ పోలేదు.

గుంటూరు_మాస్టారు: రాయిస్తే సరే. ‘ఋషి’ మాత్రం దేనితో పెడతారు?

కృష్ణలంక_చిన్నోడు: ‘బస్’ ఒప్పుకుంటారా?

బ్రాడీపేట_పిన్ని: ‘బస్సు’ అంటేనే, అదీ మా అత్తగారి రూలు.

పటమట_కోడలు: ‘పులులు’ సంగతి ఎవరూ చెప్పలేదు.