ఇంటి నుంచి పని: అర్హతను హోదా తేల్చాలా, పని తేల్చాలా?

మధురవాడ హెచ్‌ఆర్: మా సంస్థలో 220 మంది ఉన్నారు. ఇంటి నుంచి పనిచేసే విధానాన్ని రాసే బాధ్యత నాకు అప్పగించారు. ఉద్దేశం, పరిధి రాశాను, అర్హత దగ్గర ఆగిపోయాను. హోదాను బట్టి ఇవ్వాలా, సర్వీసును బట్టి ఇవ్వాలా, లేక మేనేజరుకే వదిలేయాలా?

సీతమ్మధార విశ్రాంత ఉద్యోగి: ఈ మూడూ కాదమ్మా, చేసే పనిని బట్టి ఇవ్వండి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మేము రాసిన మొదటి ముసాయిదాలో "అకౌంట్స్ విభాగానికి అర్హత లేదు" అని ఒక్క వాక్యంతో తేల్చేశాం. ఆ విభాగంలోని ఒక అసిస్టెంటు అభ్యంతరం చెప్పారు. అప్పుడు రెండు వారాల పాటు ఆమె చేసిన ప్రతి పనినీ కాగితం మీద రాయించి, దీనికి మనిషి ఇక్కడ ఉండి తీరాలా అని ఒక్కొక్కదాని పక్కనా రాసుకుంటూ వెళ్ళాం. సరఫరాదారుల అసలు బిల్లులను సరుకు రసీదులతో సరిచూడడానికి, చెక్కుల మీద సంతకాలు చేయించడానికి, చిల్లర నగదు లెక్కకు మాత్రమే ఉండాలని తేలింది. బ్యాంకు ఖాతాలు సరిపోల్చడం, జీఎస్టీ రిటర్నుకు లెక్కలు సిద్ధం చేయడం, బకాయిదారులకు ఉత్తరాలు రాయడం ఎక్కడినుంచైనా జరిగే పనులే.

బిల్లుల పరిశీలనను సోమ, గురువారాలకు మార్చగానే ఆమె వారం రెండు రోజులు ఆఫీసుగా, మూడు రోజులు ఇల్లుగా విడిపోయింది. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. నెలవారీ జీఎస్టీఆర్-3బికి 20వ తేదీ గడువు, రిటర్ను మీద వేయాల్సిన డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెను ఆఫీసు బీరువాలో ఉంటుంది. అందుకని 18 నుంచి 20 వరకు ఆఫీసులోనే ఉంటానని ఆమే అడిగి రాయించుకున్నారు.

మేనేజరుకు కాదనే అధికారం ఉండవచ్చు, కానీ ఏ పని వల్ల కాదంటున్నారో వారం లోపల రాసి ఇవ్వాలి. ఒకే హోదా ఉన్న ఇద్దరిలో ఒక జట్టులోని వారికి ప్రతిసారీ అనుమతి దొరికి, పక్క జట్టులోని వారికి ఎన్నడూ దొరకకపోతే, అక్కడ నియమం కాక మేనేజరు ఇష్టమే నడుస్తున్నదని గుర్తించండి.

గాజువాక పాఠకురాలు: అలాగైతే చట్టం మాటేమిటి? ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ ప్రకారం, సెలవు ముగిసిన ప్రతి తల్లికీ ఇంటి నుంచి పనిచేసే హక్కు ఉంది. పనుల పట్టిక చూపించి దానిని ఆపలేరు.

సీతమ్మధార విశ్రాంత ఉద్యోగి: సవరణ సంగతి మీరు చెప్పింది నిజమే, హక్కు అన్నది మాత్రం సరికాదు. పని స్వభావం వీలు కల్పించినప్పుడు, యజమాని, ఆమె కలిసి ఒప్పుకున్న షరతుల మీద ఆ సదుపాయం ఇవ్వవచ్చని మాత్రమే అక్కడ ఉంది. పని స్వభావం ఏమిటో నిజాయితీగా చూపించేది ఆ పట్టికే కదా. అయితే మీ మాట వల్ల మరొకటి గుర్తుకొచ్చింది: 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థకు శిశు సంరక్షణ వసతి కల్పించే బాధ్యత ఉంది. కొందరికి ఇంటి నుంచి పని ఇచ్చినంత మాత్రాన అది తీరిపోదు, పరిధిలో ఆ సంగతి రాయండి.

అనకాపల్లి ఉద్యోగి: నాకు అర్హత ఇచ్చారు కానీ, ఆపద వస్తే ఎవరు ఏం చేయాలో రాయలేదు. మొన్న మే నెలలో మధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఇంట్లో ఫ్యాను, లైటు ఇన్వర్టరు మీద నడిచాయి, రౌటరు ప్లగ్గు మాత్రం ఆ లైనులో లేదు. ఫోను డేటాతో మీటింగులో కలిసినా మాట తెగిపోతూ వచ్చింది, మేనేజరు అరపూట సెలవు వేశారు. "ఉద్యోగికి నిరంతర ఇంటర్నెట్ ఉండాలి" అన్న ఒక్క ముక్కే విధానంలో ఉంది.

సీతమ్మధార విశ్రాంత ఉద్యోగి: మీకు జరిగింది అన్యాయం. సంస్థ రౌటరుకు చిన్న యూపీఎస్ ఇవ్వాలి, ఉద్యోగి అరగంట లోపల ఫోను చేసి చెప్పాలి, అంతరాయం రెండు గంటలు దాటితే ఆ పనిని అదే వారంలో పూర్తి చేసే వీలు ఉండాలి, సెలవు కోత ఉండకూడదు. తరచూ ఇలా జరుగుతుంటే మాత్రం ఆఫీసులో కుర్చీ చూపించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇల్లూ ఆఫీసూ రెండూ చీకట్లోనే ఉన్నాయి కనుక, తుఫాను రోజులకు ఈ గంటల లెక్క వర్తించదని వేరుగా రాయాలి.

మధురవాడ హెచ్‌ఆర్: అకౌంట్స్, స్టోర్స్ విభాగాల్లో రేపటి నుంచే పట్టిక రాయిస్తాను. కొత్తగా చేరినవారి సంగతి కూడా చెప్పండి సార్.

సీతమ్మధార విశ్రాంత ఉద్యోగి: మొదటి మూడు నెలలు ఆఫీసులోనే ఉంచండి. పక్కవారిని చూస్తూ నేర్చుకునేది ఇంట్లో దొరకదు.

గాజువాక పాఠకురాలు: సర్వీసును బట్టి వద్దన్నది మీరే కదండీ. పదేళ్ళ అనుభవంతో చేరినవారికీ మూడు నెలలేనా? నేర్చుకోవడం కూడా ఒక పనే అయితే, దానిని కూడా పట్టికలో రాసి, అది పూర్తయిన రోజున అర్హత ఇవ్వాలి.

సీతమ్మధార విశ్రాంత ఉద్యోగి: నేర్చుకోవడం పూర్తయిందని చెప్పేది మళ్ళీ మేనేజరే కదమ్మా. నాకు దానితోనే పేచీ.