పక్కవారి సెల్లార్ తవ్వకంతో గోడలు బీటలు వారితే ముందు ఉమ్మడి తనిఖీ కోరాలా, లాయరు నోటీసు పంపాలా?

పడమటి వాకిలి: మాది 1998లో కట్టిన ఇల్లు. పక్క స్థలంలో సెల్లార్ కోసం మా ప్రహరీ అంచు దాకా తవ్విన తరువాత మా హాలు, వంటగది గోడలు బీటలు వారాయి. పక్కింటాయనతో మాటలు ఇంకా సవ్యంగానే ఉన్నాయి. ఏది ముందు చేయాలి?

నిక్కచ్చి: నోటీసే ముందు పంపండి. గొయ్యీ బీటలూ కళ్లముందే ఉండగా తనిఖీ పేరుతో ఆయనకు గడువు ఇవ్వడం దేనికి? పాతికేళ్లు దాటిన ఇంటికి పక్క నేల ఆసరాపై చట్టప్రకారం హక్కు ఉంటుంది.

పునాదిరాయి: వృత్తిరీత్యా నేను స్ట్రక్చరల్ ఇంజనీరును. హక్కు మాట కొంతవరకు నిజమే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కట్టడాలు లేని నేలకు సహజమైన ఆసరా హక్కు ఇస్తుంది. ఇంటి బరువు మోస్తున్న నేలకైతే ఆ ఆసరా 20 ఏళ్లపాటు ఆటంకం లేకుండా అందిందని చూపాలి. అయినా, ఏ బీట తవ్వకం వల్ల వచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నేను చూసిన ఒక ఇంట్లో, కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగిన బీటల అంచులు తాజాగా ఉండగా, వెనక గదిలోని బీటలోపల పాత రంగు కనిపించింది. ఆ ఒక్కదాన్నీ యజమాని తన జాబితా నుంచి తీసేయడంతో, మిగిలినవాటిపై బిల్డరు వాదించలేదు.

గొయ్యి పూడ్చకముందే, మట్టిని ఆపే రిటైనింగ్ గోడ లేవకముందే తనిఖీ జరగాలి. తరువాత ఎంత నిట్టనిలువుగా తవ్వారో, మట్టి ఎక్కడ జారిందో కనిపించదు. ఇరుపక్షాల ఇంజనీర్ల సమక్షంలో ప్రతి బీట చివర పెన్సిలు గీత గీసి తేదీ వేయండి, స్కేలు పెట్టి ఫొటో తీయండి, బీటకు అడ్డంగా సన్నని గాజుపలకను సిమెంటుతో అతికించండి. పలక విరిగితే కదలిక ఆగలేదన్నమాట. తనిఖీ వివరాలపై సంతకం చేయడం బాధ్యతను ఒప్పుకున్నట్టు కాదని ఆహ్వానించే ఉత్తరంలో రాస్తే, అవతలివారు వెనుకాడరు.

మేడమీద: మా పైఫ్లాటువారి బాత్‌రూమ్ నుంచి నీరు కారుతోంది. గాజుపలక దానికీ పనికొస్తుందా?

పునాదిరాయి: లేదండీ, అది కదలికను మాత్రమే పట్టిస్తుంది.

నిక్కచ్చి: సరే, పక్కింటాయన తనిఖీకి రానంటే?

నల్లకోటు: అప్పుడు దావా వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు, 9వ రూలు కింద కోర్టు నియమించే అడ్వొకేట్ కమిషనర్ తనిఖీని కోరవచ్చు. అయితే సాక్ష్యం పోగుచేయడానికే అడుగుతున్నారని కోర్టులు నిరాకరించిన సందర్భాలూ ఉన్నాయి. ఆహ్వానం పంపారని చూపే స్పీడ్ పోస్టు రసీదు మీ వద్ద ఉండాలి.

పడమటి వాకిలి: ఉత్తరం ఈరోజే రాస్తాను. రెండు పక్షాల ఇంజనీర్ల ఫీజూ ఆయనే భరించాలని అందులో అడగవచ్చా?

నిక్కచ్చి: తప్పక అడగండి, తవ్వింది ఆయనే కదా.

పునాదిరాయి: ఇప్పుడే అడిగితే తనిఖీయే ఆగిపోవచ్చు. ఎవరి ఇంజనీరుకు వారు ఇచ్చుకుని, మీ ఖర్చును తరువాత పరిహారంలో కలపడం మేలని నా అభిప్రాయం.