అప్‌డేట్: చిక్కుడు మొక్క లెక్క తేలింది

నా ప్రశ్న: "మావాడి చిక్కుడు మొక్క 10 రోజుల్లో 20 సెంటీమీటర్లు, అంటే సగటున రోజుకు 2. కానీ ఒక్కరోజు తప్ప ఎప్పుడూ 2 పెరగలేదు. కొలత తప్పా?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కొలత తప్పు కాదండి. ఏ రోజు ఎంత పెరిగిందో పక్కన ఇంకో గడి గీసి రాయించమన్నారు చూడండి, అదే పనిచేసింది. వరసగా 0, 0, 0, 0, 1, 2, 3, 5, 5, 4 వచ్చాయి, కూడితే సరిగ్గా 20.

ఆ సున్నాల నాలుగు రోజులూ గింజ ఊరికే లేదు, మట్టిలో వేరు దించుకుంటోంది. తర్వాత కాడ కొక్కెంలా వంగి, రెండు పప్పుబద్దల్నీ మోసుకుంటూ పైకొచ్చింది. ఆ వంపు విప్పుకుని నిలబడినప్పుడు ఎత్తు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది, అందుకే మొక్క పక్కన పాతిన పుల్లకు గీతలు పెట్టి కొలిచాం.

మా కోనసీమ లంక మట్టి మీద, ఎరువు మీద నేను పెట్టుకున్న అనుమానాలకు దీంతో సంబంధమే లేదు.

మావాడు రోజుకు 2 చొప్పున ఇంకో గీత గీశాడు. నాలుగో రోజున ఆ గీత 8 దగ్గరుంది, కుండీలో మొక్కే లేదు. "సగటు ప్రకారం ఇక్కడ మొక్కుండాలి నాన్నా" అన్నాడు.